సీల్డ్ బాక్సా, పోర్టెడ్ బాక్సా? వూఫర్‌ని కొలిచి తేల్చుకోవడం ఎలా

వూఫర్ కొనడానికి వెళ్తే షాపులో మొదట వినిపించేవి అంగుళాలు, వాట్లు. దానికి ఎలాంటి బాక్స్ కట్టాలో ఆ రెండూ చెప్పవు. పక్కపక్కన పెట్టిన రెండు 8 అంగుళాల వూఫర్లలో ఒకటి చిన్న సీల్డ్ బాక్సులో, అంటే అన్ని వైపులా గాలి పోకుండా మూసిన బాక్సులో, శుభ్రంగా పలుకుతుంది. రెండోదాన్ని అదే బాక్సులో బిగిస్తే ప్రతి బేస్ నోటూ ఒకే గుయ్‌మనే మోతగా వస్తుంది. తేడా డ్రైవర్ నాణ్యతలో, అంటే ఆ వూఫర్ నాణ్యతలో, ఉండాల్సిన అవసరం లేదు. కోన్ బరువు, దాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ మెత్తదనం, వెనకున్న మాగ్నెట్ బలం, ఈ మూడూ కలిసే తీరు ఒక్కో డ్రైవర్‌లో ఒక్కోలా ఉంటుంది. బాక్స్ ఆ కలయికకు సరిపోవాలి.

దీన్ని లెక్కలోకి తెచ్చినవాళ్లు ఇద్దరు. ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ 1961లో పోర్టెడ్ బాక్సుల మీద, అంటే గాలి ఆడేలా పైపు పెట్టిన బాక్సుల మీద, ఒక పరిశోధనా పత్రం రాశారు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో పని చేసిన రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో దాన్ని విస్తరించారు. అందుకే డ్రైవర్ డేటా షీటులో కనిపించే Fs, Qts, Vas లాంటి వాటిని థీల్-స్మాల్ పారామీటర్లు అంటారు. మన బజారులో, కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల కూడా, చాలా డ్రైవర్లు ఏ షీటూ లేకుండానే దొరుకుతాయి. పాత బాక్సుల్లోంచి తీసిన వాటికి షీట్ ఉండే ప్రశ్నే లేదు. కాబట్టి షీట్ లేని ఒక 8 అంగుళాల వూఫర్‌ని తీసుకుని, మనమే కొలిచి, దానికి ఏ బాక్స్ సరిపోతుందో చివరిదాకా లెక్క కడదాం.

కొలిచే ముందు తెలియాల్సిన నాలుగు సంగతులు

కోన్‌ని వేలితో మెల్లగా నొక్కి వదిలితే వెనక్కి వస్తుంది. దాన్ని వెనక్కి తెచ్చేది అంచునున్న సరౌండ్, లోపలి స్పైడర్. ఈ రెండూ కలిసి ఒక స్ప్రింగులా పని చేస్తాయి. ఆ స్ప్రింగ్ ఎంత మెత్తనిదో చెప్పేది కంప్లయన్స్. షీటులో Cms అని ఉంటుంది, ఒక న్యూటన్ బలానికి ఎన్ని మిల్లీమీటర్లు కదులుతుందో చెబుతుంది. స్ప్రింగ్ ఉంది, దాని మీద కోన్, వాయిస్ కాయిల్ బరువు ఉంది. బరువు వేలాడే ఏ స్ప్రింగుకైనా తనంతట తాను ఊగే వేగం ఒకటి ఉంటుంది. డ్రైవర్ బాక్స్ లేకుండా గాలిలో ఉన్నప్పుడు ఆ వేగమే Fs, అంటే రెజొనెంట్ ఫ్రీక్వెన్సీ. సస్పెన్షన్ మెత్తబడినా, కోన్ బరువెక్కినా Fs దిగుతుంది.

ఆ ఊగడాన్ని ఎంత త్వరగా ఆపగలమన్నది Q. మాగ్నెట్ మధ్య కదిలే కాయిల్ తనే కరెంటు పుట్టించి తన కదలికకు తనే బ్రేక్ వేసుకుంటుంది. ఆ బ్రేక్ లెక్క Qes. ఈ అంకె ఎంత చిన్నదైతే మోటార్, అంటే మాగ్నెట్, కాయిల్ జత, అంత గట్టిది. స్పైడర్, సరౌండ్‌ల రాపిడి వల్ల వచ్చే బ్రేక్ Qms. రెండూ కలిపితే Qts.

ఇక Vas. దీన్ని లీటర్లలో ఇస్తారు కాబట్టి బాక్స్ సైజు అనుకుని కట్టేసేవాళ్లున్నారు. అది బాక్స్ సైజు కాదు. సైకిల్ పంపు చివర బొటనవేలితో మూసి నొక్కితే లోపలి గాలి ఎదురు తంతుంది కదా, మూసిన బాక్సులోని గాలి కూడా కోన్‌ని అలాగే వెనక్కి నెడుతుంది. డ్రైవర్ సస్పెన్షన్‌కి ఎంత బిగువుందో, అంతే బిగువు ఇచ్చే గాలి ఎన్ని లీటర్లో చెప్పేదే Vas. అంటే కంప్లయన్స్‌నే గాలి పరిమాణంగా మార్చి చెప్పడం. మెత్తని సస్పెన్షన్‌కి Vas ఎక్కువ, గట్టిదానికి తక్కువ.

మొదటి పని: Fs, Q కొలవడం

కావలసినవి కొన్నే. ఫోన్‌లో ఒక టోన్ జనరేటర్ యాప్, ఒక మామూలు స్టీరియో యాంప్లిఫయర్, 1000 ఓంల పావు వాట్ రెసిస్టర్, సరి చూసుకోవడానికి ఒక 10 ఓంల రెసిస్టర్, మిల్లీవోల్టుల ఏసీ చూపగల మల్టీమీటర్. ఈ చివరిది జాగ్రత్తగా చూసుకోండి. చౌకగా దొరికే పసుపు రంగు మీటర్లలో చాలావాటికి ఏసీ రేంజ్ 200 వోల్టుల దగ్గరే మొదలవుతుంది, అవి ఈ పనికి రావు. లాప్‌టాప్ ఉంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సౌండ్ కార్డు ద్వారా ఇంపిడెన్స్ గ్రాఫ్ మొత్తం, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర డ్రైవర్ కరెంటుకి ఎంత అడ్డు చూపుతుందో, గీసి, ఈ అంకెలన్నీ తనే ఇస్తుంది. అయినా ఒకసారి చేత్తో కొలిస్తే ఆ గ్రాఫ్ ఏం చెబుతోందో బాగా అర్థమవుతుంది.

కొత్త డ్రైవర్ అయితే కొలిచే ముందు 20 హెర్ట్జ్ దగ్గర, కోన్ బాగా కదిలేలా, కానీ టకటక శబ్దం రాకుండా, కొన్ని గంటలు ఆడించండి. కొత్త స్పైడర్ బిగుసుకుని ఉంటుంది, ఆడాక సడలుతుంది.

తరవాత డ్రైవర్‌ని మాగ్నెట్ దగ్గర పట్టి నిలబెట్టండి. కోన్ ముందూ వెనకా కనీసం అర మీటరు ఖాళీ ఉండాలి. బల్ల మీద బోర్లా పడుకోబెడితే ఇరుక్కున్న గాలి వల్ల అంకె మారుతుంది. వైర్ పెట్టకముందే టెర్మినల్స్ మధ్య డీసీ రెసిస్టెన్స్ కొలవండి. ఇది Re. మీటర్ తీగలు రెండూ కలిపి చూపే రెసిస్టెన్స్‌ని అందులోంచి తీసేయండి. 8 ఓంలని రాసి ఉన్న వూఫర్ సాధారణంగా 6 ఓంల దగ్గర ఉంటుంది. మన ఉదాహరణలో సరిగ్గా 6.0 అనుకుందాం.

యాంప్ అవుట్‌పుట్ నుంచి 1000 ఓంల రెసిస్టర్, దాని తరవాత స్పీకర్, అక్కడినుంచి తిరిగి యాంప్‌కి, ఇలా వరసగా కలపండి. బేస్, ట్రెబుల్, లౌడ్‌నెస్ అన్నీ ఆపేయండి. 40 హెర్ట్జ్ టోన్ పెట్టి, యాంప్ అవుట్‌పుట్ 5 వోల్టులు చూపే దాకా వాల్యూమ్ పెంచండి. అదే వాల్యూమ్‌లో 20, 60, 100 హెర్ట్జ్‌ల దగ్గర కూడా 5 వోల్టులే వస్తున్నాయో లేదో చూడండి. తేడా ఉంటే మీటరో యాంపో తప్పు చెబుతోందని అర్థం. స్పీకర్ స్థానంలో 10 ఓంల రెసిస్టర్ పెడితే దాని మీద 49 లేదా 50 మిల్లీవోల్టులు కనిపించాలి. అది కనిపిస్తే అమరిక బాగున్నట్టే. ఇక స్పీకర్ మీద వచ్చే వోల్టేజీ V అయితే దాని ఇంపిడెన్స్ ఇది:

```
Z = 1000 × V / (5 − V)
```

ఇప్పుడు ఫ్రీక్వెన్సీని 20 నుంచి ఒక్కో హెర్ట్జ్ పెంచుతూ వెళ్లండి. వోల్టేజీ పెరుగుతూ ఒకచోట శిఖరానికి చేరి మళ్లీ పడుతుంది. ఆ శిఖరం ఎక్కడుందో అదే Fs. మన డ్రైవర్‌లో 40 హెర్ట్జ్ దగ్గర 256 మిల్లీవోల్టులు వచ్చాయనుకుందాం. సూత్రంలో వేస్తే Z 54 ఓంలు. దీన్ని Re తో భాగిస్తే 9. దీన్ని r అందాం.

తరవాత శిఖరానికి రెండు పక్కలా, Z విలువ Re × √r ఉండే చోట్లు వెతకాలి. ఇక్కడ 6 × 3, అంటే 18 ఓంలు. మీటరు మీద అది 88 మిల్లీవోల్టులు. ఎడమ పక్క 26 హెర్ట్జ్ దగ్గర, కుడి పక్క 61.5 దగ్గర దొరికాయి. వీటిని F1, F2 అందాం. ఇక్కడ తప్పక చేయాల్సిన తనిఖీ ఒకటుంది: ఆ రెంటినీ గుణించి వర్గమూలం తీస్తే Fs రావాలి. 26 × 61.5 అంటే 1599, వర్గమూలం 40. ఒకటి రెండు హెర్ట్జ్‌ల కంటే ఎక్కువ తేడా వస్తే మళ్లీ కొలవండి. వాల్యూమ్ ఎక్కువైనా, డ్రైవర్‌ని పట్టిన పట్టు వదులుగా ఉన్నా ఇలా తేడా వస్తుంది.

```
Qms = Fs × √r / (F2 − F1) = 40 × 3 / 35.5 = 3.38
Qes = Qms / (r − 1)       = 3.38 / 8      = 0.42
Qts = Qms / r             = 3.38 / 9      = 0.376
```

రెండో పని: కంప్లయన్స్ రాబట్టడం

కోన్ మీద తెలిసిన బరువు పెట్టి, Fs ఎంత దిగిందో చూస్తే కోన్ అసలు బరువు, అంటే Mms, తెలుస్తుంది. ఆ బరువు, Fs రెండూ తెలిస్తే స్ప్రింగ్ మెత్తదనం తెలిసిపోతుంది. బరువు కోసం నాణేలు వాడకండి. ఇప్పుడు చెలామణిలో ఉన్న చాలా నాణేలు అయస్కాంతానికి అంటుకునే స్టీలువి, వూఫర్ మాగ్నెట్ వాటిని లాగితే కొలత పాడవుతుంది. పిల్లలు ఆడుకునే క్లే తీసుకుని, నగల షాపులో వాడే లాంటి చిన్న డిజిటల్ త్రాసు మీద 10 గ్రాములు తూచి, డస్ట్ క్యాప్ చుట్టూ సమంగా అంటించండి. ఒకే పక్క అంటిస్తే కోన్ వంకరగా ఊగుతుంది.

మళ్లీ శిఖరం వెతికితే అది 33.2 హెర్ట్జ్‌కి దిగింది.

```
Mms = 10 / ((40 / 33.2)² − 1) ≈ 22 గ్రాములు
Cms = 1 / ((2π × 40)² × 0.022) ≈ 0.00072 మీ/న్యూటన్
Vas = 140000 × Cms × Sd² ≈ 0.046 ఘ.మీ ≈ 46 లీటర్లు
```

Sd అంటే గాలిని నెట్టే వైశాల్యం. సరౌండ్ మధ్య గీత నుంచి అవతలి పక్క మధ్య గీత దాకా వ్యాసం కొలవండి. ఇక్కడ 16.5 సెంటీమీటర్లు, కాబట్టి Sd 0.0214 చదరపు మీటర్లు. ఈ కొలత కాస్త ఓపిగ్గా తీసుకోండి. Vas లెక్కలో Sd ని వర్గం చేస్తాం, Sd లోనే వ్యాసం వర్గం ఉంది, కాబట్టి వ్యాసంలో 2 శాతం తప్పు Vas లో 8 శాతం తప్పవుతుంది.

మారేవి, మారనివి

ఇక్కడ చాలామంది టెన్షన్ పడతారు. షీటులో Fs 36 అని ఉంది, కొలిస్తే 40 వచ్చింది, కాబట్టి డ్రైవర్ నకిలీదని అనుకుంటారు. ఆ నిర్ణయానికి వచ్చే ముందు సస్పెన్షన్ తీరు కొంచెం ఆలోచించండి. కంప్లయన్స్ స్థిరంగా ఉండేది కాదు. చలికాలం పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఎండలో ఒకలా, కొత్తలో ఒకలా, రెండేళ్లు వాడాక ఒకలా ఉంటుంది. అది మారినప్పుడు Fs, Vas, Qts మూడూ కలిసి మారతాయి.

మన డ్రైవర్ సస్పెన్షన్ 20 శాతం మెత్తబడిందనుకుందాం. Fs 40 నుంచి 36.5కి దిగుతుంది. Vas 46 నుంచి 55కి పెరుగుతుంది. Qts 0.376 నుంచి 0.343కి తగ్గుతుంది. కాగితం మీద చూస్తే ఇది వేరే డ్రైవర్ అనిపిస్తుంది. కానీ రెంటినీ 18 లీటర్ల సీల్డ్ బాక్సులో పెట్టి లెక్క కడితే, మొదటిది 75 హెర్ట్జ్ దగ్గర రెజొనేట్ అవుతుంది, రెండోది 73 దగ్గర. ఆ తేడాని చెవి పట్టుకోలేదు. బాక్సులోని గాలి స్ప్రింగ్ డ్రైవర్ స్ప్రింగ్ కంటే చాలా గట్టిది కాబట్టి, అక్కడ పెత్తనం గాలిదే.

1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ కట్టిన అకౌస్టిక్ సస్పెన్షన్ స్పీకర్ నిలబడింది దీని మీదే. సస్పెన్షన్‌ని కావాలనే బాగా మెత్తగా ఉంచి, కోన్‌ని వెనక్కి తెచ్చే పనిని బాక్సులోని గాలికి అప్పగించారు. గాలి ఎండకీ చలికీ స్పైడర్‌లా అలిసిపోదు.

మారనిది ఏదంటే, Fs ని Qes తో భాగిస్తే వచ్చే అంకె. సస్పెన్షన్ మెత్తబడితే Fs ఎంత దిగుతుందో Qes కూడా అంతే దిగుతుంది, భాగహారం అలాగే ఉంటుంది. ఎందుకంటే ఆ అంకెలో కంప్లయన్స్ అసలు లేదు. అందులో ఉన్నది మోటార్ బలం, కదిలే బరువు, కాయిల్ రెసిస్టెన్స్ మాత్రమే. కాబట్టి షీటుతో పోల్చాలంటే Fs ని Fs తో పోల్చకండి, ఈ భాగహారాన్ని పోల్చండి. అది సరిపోతే డ్రైవర్ బాగానే ఉన్నట్టు. సరిపోకపోతే మాగ్నెట్ బలహీనమైనా అయి ఉండాలి, కోన్ గానీ కాయిల్ గానీ మార్చైనా ఉండాలి.

రిపేర్ చేయించేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. మన ఉక్కపోతకి ఫోమ్ సరౌండ్ పొడిపొడిగా రాలిపోవడం మామూలే. కొత్త సరౌండ్ మాత్రమే వేయిస్తే మారేది దాదాపు కంప్లయన్స్ ఒక్కటే, పాత బాక్స్ అలాగే పనికొస్తుంది. మొత్తం కోన్, కాయిల్ మార్చి రీకోన్ చేయిస్తే బరువూ మోటారూ రెండూ మారతాయి. అప్పుడు మళ్లీ మొదటినుంచి కొలిచి తీరాలి, పాత బాక్స్ దానికి సరిపోతుందన్న నమ్మకం లేదు.

మూడో పని: ఏ బాక్స్ అన్నది తేల్చడం

అదే భాగహారం బాక్స్ ఎంపికకు కూడా మొదటి దారి చూపుతుంది. దీన్ని EBP అంటారు. 50 లేదా అంతకు తక్కువ వస్తే సీల్డ్ బాక్స్, 100 దగ్గరా ఆ పైనా వస్తే పోర్టెడ్ అన్నది వాడుకలో ఉన్న లెక్క. మధ్యలో ఉంటే రెండూ ప్రయత్నించవచ్చు.

కారణం ఇది. పోర్టెడ్ బాక్సులో పైపులోని గాలి కూడా ఊగుతుంది. ఆ అదనపు ఊగడాన్ని అదుపులో పెట్టగల గట్టి మోటార్ కావాలి. మోటార్ బలహీనంగా, కోన్ బరువుగా ఉన్న డ్రైవర్‌ని పోర్టెడ్ బాక్సులో పెడితే పైపు గాలి ఊగే ఫ్రీక్వెన్సీ, అంటే ట్యూనింగ్, చుట్టుపక్కల బేస్‌లో ఒక దిబ్బ లేస్తుంది. అదే ఒకే స్వరంలో గుయ్‌మనే మోత. ఉదాహరణకు Fs 28, Qes 0.62 ఉన్న ఒక కార్ సబ్‌వూఫర్‌కి EBP 45 వస్తుంది. దాన్ని పోర్టెడ్‌లో సాఫీగా పలికించాలంటే Vas కంటే రెండింతలకు మించిన బాక్స్ కావాలి, ఇంట్లో అది బీరువా అంత అవుతుంది. దానికి సీల్డే సరైన చోటు. రెండో వైపు, మోటార్ మరీ గట్టిగా ఉన్న డ్రైవర్‌ని సీల్డ్ బాక్సులో పెడితే బ్రేక్ ఎక్కువై బేస్ ముందే సన్నగిల్లుతుంది.

మన డ్రైవర్‌కి 40 ని 0.42 తో భాగిస్తే 95. పోర్టెడ్ వైపు మొగ్గుతోంది, కానీ సీల్డ్ కూడా కుదురుతుంది. ఇలాంటప్పుడు రెండూ లెక్క కట్టి పక్కపక్కన పెట్టి చూడటమే మంచిది.

సీల్డ్ లెక్క

బాక్సులో పెట్టాక వచ్చే మొత్తం Q ని Qtc అంటారు. 0.707 వస్తే బేస్ ఏ దిబ్బా లేకుండా సమంగా దిగుతుంది. కావలసిన Qtc తెలిస్తే బాక్స్ లీటర్లు, అంటే Vb, బాక్సులో పెట్టాక డ్రైవర్ రెజొనేట్ అయ్యే ఫ్రీక్వెన్సీ, అంటే Fc, ఇలా వస్తాయి:

```
Vb = Vas / ((Qtc / Qts)² − 1)
   = 46 / ((0.707 / 0.376)² − 1) ≈ 18 లీటర్లు
Fc = Fs × Qtc / Qts = 40 × 1.88 ≈ 75 హెర్ట్జ్
```

అంటే 18 లీటర్ల చిన్న బాక్స్, 75 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ తగ్గి, అక్కడినుంచి ఆక్టేవ్‌కి 12 డెసిబెల్స్ చొప్పున మెల్లగా దిగుతుంది. నాలుగు తీగల బేస్ గిటార్ కింది తీగ 41 హెర్ట్జ్. అక్కడికి ఈ బాక్స్ సుమారు 11 డెసిబెల్స్ తక్కువ ఇస్తుంది. గోడ దగ్గర పెడితే గది కొంత తిరిగిస్తుంది, కానీ మొత్తం కాదు.

సీల్డ్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది దాని సహనం. వడ్రంగి కొలత తప్పి బాక్స్ 20 శాతం చిన్నదైనా, 14.5 లీటర్లకు Qtc 0.77 అవుతుంది, Fc 82కి పెరుగుతుంది. వినికిడిలో పెద్ద నష్టం లేదు. దిండ్లలో నింపే పాలిస్టర్ ఫైబర్‌ని వదులుగా నింపితే బాక్స్ కొద్దిగా పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది, ఆ తప్పు కూడా కొంత సర్దుకుంటుంది. కూరి నింపకండి, ఫైబర్ కదలడానికి చోటుండాలి.

కొలతలకి వస్తే లోపల 24 × 22 × 38 సెంటీమీటర్లంటే 20 లీటర్లు. డ్రైవర్ వెనక భాగం, లోపలి బద్దీలు కలిపి రెండు లీటర్ల దాకా పోతాయి. మిగిలేది 18. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ గానీ ఎండీఎఫ్ గానీ చాలు. జాయింట్లన్నీ లోపలినుంచి ఫెవికాల్‌తో గానీ సిలికాన్‌తో గానీ పూర్తిగా మూయండి, వైర్ బయటికొచ్చే రంధ్రంతో సహా.

పోర్టెడ్ లెక్క

పోర్టెడ్‌కి సమంగా పలికే బాక్సుల పట్టికలున్నాయి. వాటికి చాలా దగ్గరగా వచ్చే మూడు సులువైన సూత్రాలు ఇవి. Fb అంటే బాక్స్ ట్యూనింగ్, F3 అంటే బేస్ 3 డెసిబెల్స్ తగ్గే చోటు:

```
Vb = 15 × Qts^2.87 × Vas   ≈ 42 లీటర్లు
Fb = 0.42 × Fs × Qts^−0.9  ≈ 40 హెర్ట్జ్
F3 = 0.26 × Fs × Qts^−1.4  ≈ 41 హెర్ట్జ్
```

అదే డ్రైవర్ ఇప్పుడు 41 హెర్ట్జ్ దాకా వెళ్తుంది, బేస్ గిటార్ కింది తీగ మొత్తం అందుతుంది. బాక్స్ మాత్రం రెండింతలకు పైగా పెరిగింది. ఇంకో ధర కూడా ఉంది. 40 హెర్ట్జ్ కింద ఆక్టేవ్‌కి 24 డెసిబెల్స్ చొప్పున నిటారుగా పడిపోతుంది. అంతకంటే ముఖ్యం, ఆ కింద కోన్‌ని పట్టి ఉంచేవాళ్లే లేరు. ట్యూనింగ్ కింద పైపులోంచి గాలి స్వేచ్ఛగా లోపలికీ బయటికీ పోతుంది, బాక్స్ గాలి స్ప్రింగ్ మాయమవుతుంది. సినిమాలో పేలుడు శబ్దం 25 హెర్ట్జ్‌లో వస్తే కోన్ హద్దు దాటి కొట్టుకుంటుంది, కాయిల్ వెనక ప్లేటుకి తగిలి టక్‌మంటుంది. దీనికి 30 హెర్ట్జ్ కింది శబ్దాల్ని కోసేసే ఒక సబ్‌సోనిక్ ఫిల్టర్ పెట్టుకోవాలి. యాంప్‌లోనో, ప్లేయర్ ఈక్వలైజర్‌లోనో ఆ సౌకర్యం లేకపోతే, సినిమాలు గట్టిగా పెట్టే ఇంటికి నేనైతే ఈ బాక్స్ కట్టను.

పైపు లెక్క ఇది. D పైపు లోపలి వ్యాసం, సెంటీమీటర్లలో. Vb లీటర్లలో.

```
L = 23562 × D² / (Fb² × Vb) − 0.732 × D
```

ప్లంబింగ్ షాపులో 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు అంటే అది బయటి కొలత. లోపల ఎంతుందో స్కేలుతో చూడండి. 7 సెంటీమీటర్లుంటే పొడవు 12 సెంటీమీటర్లు వస్తుంది. 5 సెంటీమీటర్ల పైపు వాడితే 5 సెంటీమీటర్ల పొడవే చాలు, చూడ్డానికి బాగుంటుంది. కానీ 8 అంగుళాల కోన్ నెట్టే గాలి అంత సన్నని దారిలోంచి పోతుంటే వాల్యూమ్ పెంచినప్పుడు బుస్‌మనే శబ్దం వస్తుంది. 10 సెంటీమీటర్ల పైపు అన్నిటికంటే నిశ్శబ్దం, కానీ దానికి 28 సెంటీమీటర్ల పొడవు కావాలి. ఈ డ్రైవర్‌కి 7 మంచి మధ్యేమార్గం. పైపు లోపలి చివరకీ వెనక గోడకీ మధ్య కనీసం పైపు వ్యాసమంత ఖాళీ వదలండి.

లోపల 28 × 32 × 50 సెంటీమీటర్లు అంటే 44.8 లీటర్లు. డ్రైవర్, పైపు, బద్దీలు పోగా 42 మిగులుతుంది. ఇందులో ఫైబర్ నింపకండి, గోడలకి పల్చగా అంటిస్తే చాలు, పైపు నోటికి అడ్డం రాకూడదు.

పోర్టెడ్ బాక్స్ తప్పుల్ని మన్నించదు. బాక్స్ 20 శాతం చిన్నదై, పైపు అలాగే ఉంటే ట్యూనింగ్ 40 నుంచి 45కి పెరిగిపోతుంది, బేస్‌లో దిబ్బ లేస్తుంది. వూఫర్‌కి బేస్ మాత్రమే పంపే క్రాస్‌ఓవర్‌లోని కాయిల్ రెసిస్టెన్స్ కూడా లెక్కలోకి వస్తుంది. ఆ కాయిల్ 0.5 ఓంలుంటే మన డ్రైవర్ Qts 0.376 నుంచి 0.40కి చేరుతుంది. కాబట్టి బాక్స్ లెక్కకి ముందే ఆ కాయిల్‌ని కూడా వరసలో పెట్టి Q కొలవడం మంచిది. Re కొలతలోనూ దాన్ని కలపండి.

నా అభిప్రాయం అడిగితే, పక్కన సబ్‌వూఫర్ ఉన్నా, స్పీకర్లు గోడకి ఆనించి పెట్టాల్సి వచ్చినా 18 లీటర్ల సీల్డ్ కట్టండి. సబ్ లేకుండా ఈ జత ఒక్కటే మొత్తం సంగీతం మోయాలంటే, నేల మీద చోటుంటే, ఈ డ్రైవర్ పోర్టెడ్‌లోనే తన సత్తా చూపుతుంది. 95 అన్న అంకె కూడా అదే చెబుతోంది. మొదటిసారి బాక్స్ కడుతున్నవాళ్లు, ఫిల్టర్ అమరిక లేనివాళ్లు సీల్డ్‌తో మొదలుపెట్టడం మేలు.

నాలుగో పని: కట్టాక మళ్లీ కొలవడం

బాక్స్ అయ్యాక అదే 1000 ఓంల రెసిస్టర్, అదే మీటరుతో మళ్లీ ఫ్రీక్వెన్సీ పెంచుతూ వెళ్లండి. సీల్డ్‌లో ఒకే శిఖరం ఉండాలి, అది 75 చుట్టుపక్కల రావాలి. 82 వస్తే లోపలి చోటు అనుకున్నదానికంటే తక్కువగా ఉంది, ఫైబర్ వేసి చూడండి. శిఖరం పొట్టిగా, వెడల్పుగా కనిపిస్తే గాలి ఎక్కడో కారుతోంది. 30 హెర్ట్జ్ టోన్ కాస్త గట్టిగా పెట్టి, తడిచేసిన వేలు జాయింట్ల వెంట జరుపుతూ వెళ్తే కారే చోట చల్లగా తగులుతుంది.

పోర్టెడ్‌లో రెండు శిఖరాలు, మధ్యలో ఒక లోయ కనిపిస్తాయి. మన బాక్సులో శిఖరాలు సుమారు 24, 66 హెర్ట్జ్‌ల దగ్గర, లోయ 40 దగ్గర రావాలి. లోయ అడుగు ఎక్కడుందో బాక్స్ అసలు ట్యూనింగ్ అక్కడే. లోయ అడుగున విలువ Re కి దగ్గరగా కాకుండా బాగా పైన ఉంటే గాలి కారుతున్నట్టే.

ట్యూనింగ్ సరిచేయడానికి పైపుని మొదటే 12 సెంటీమీటర్లకు కోయకండి. 14 దగ్గర కోసి, ఇంకా అంటించకుండా బిగించి కొలవండి. లోయ 38 దగ్గర కనిపించాలి. ఈ బాక్సులో ఒక సెంటీమీటరు కోస్తే ట్యూనింగ్ సుమారు ఒక హెర్ట్జ్ పెరుగుతుంది. అర సెంటీమీటరు చొప్పున కోస్తూ, ప్రతిసారీ కొలుస్తూ 40కి తెచ్చుకుని, అప్పుడు పైపుని శాశ్వతంగా అంటించండి. పొరపాటున ఎక్కువ కోసేస్తే పీవీసీ కప్లింగ్ ఒకటి తగిలించి పొడవు తిరిగి పెంచుకోవచ్చు.